ఒక్క పండు బూజు పడితే డబ్బా అంతా పారేయాలా?

మొన్న మన సంఘం కూటానికి తెచ్చిన పన్నీరు ద్రాక్ష డబ్బాలో ఒక్క పండుకు బూజు కనబడగానే అంతా చెత్తబుట్టలో వేశాము. అది తొందరపాటని మా అభిప్రాయం.

బూజు పట్టిన పండును కడిగి తినకూడదు. పైన కనబడే నూగు పోతుంది కానీ, మెత్తటి పండు లోపలికి దిగిన పోగులు పోవు. దాన్నీ, దానికి ఆనుకున్నవాటినీ, చితికి రసం కారినవాటినీ తీసేయాలి. గట్టిగా, పొడిగా మిగిలినవి కుళాయి కింద కడిగి తినవచ్చు. సగం పండ్లు మెత్తబడివుంటే మాత్రం డబ్బా వదిలేయడమే.

ద్రాక్ష మీద సమంగా పరచుకున్న తెల్లపొడిని చూసి కొందరు భయపడ్డారు. అది పండు మైనమే, వేలితో రుద్దితే పోతుంది. బూజు దూదిలా మచ్చమచ్చగా ఉంటుంది. ఇంకొకటి, కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి. తడికి బూజు త్వరగా వస్తుంది. తినేముందే కడగాలి.