ఏజెంటుకు కట్టింది మర్చిపో, ముందున్నది లెక్కపెట్టు

అన్నా, దుబాయ్‌లో షట్టరింగ్ హెల్పర్‌గా చేస్తున్నావు. నీకు చేతనైంది వైరింగ్. ఉండాలా, పోవాలా?

ఏజెంటుకు 80,000 కట్టానే అని మాత్రం ఉండిపోకు. ఉన్నా పోయినా అది తిరిగి రాదు. ముందున్నదే లెక్కపెట్టు. ఉంటే ఇంకో రెండేళ్లు హెల్పర్ జీతమే, వైరింగ్ కూడా చెయ్యి తప్పిపోద్ది. పోతే కొత్త పని దొరికేదాకా అప్పు కిస్తు ఎట్లా కడతావు? అది చేతిలో ఉండాలి.

కోపంలో 11 నెలలకే మానేస్తే గ్రాట్యుటీ రాదు. ఇక్కడి చట్టంలో ఏడాది నిండితే 21 రోజుల బేసిక్ ఇస్తారు. బేసిక్ 800 దిర్హాములైతే 560. కాబట్టి నా మాట: కాంట్రాక్టులో ఉన్న నోటీసు గడువు, కనీసం 30 రోజులు, చూసుకొని రాసివ్వు. ఏడాది నిండాకే కదులు. చెప్పకుండా పోతే పరారీ కేసు పెట్టొచ్చు.