క్లియర్ డేటా నొక్కేముందు ఒక్క నిమిషం

ఫోన్‌లో అన్ని యాప్‌లూ బాగానే పనిచేస్తుంటాయి. ఒక్కటి మాత్రం మొండికేస్తుంది. తెరిస్తే తెల్ల స్క్రీన్, లేదంటే గుండ్రంగా తిరుగుతూనే ఉండే చక్రం. ఎవర్నడిగినా చెప్పే సలహా ఒకటే: "సెట్టింగ్స్‌లోకి పోయి క్లియర్ కొట్టెయ్, అదే సెట్ అవుతది." ఏ క్లియర్ కొట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ ఉన్నవి మూడు బటన్లు. ఒకటి ఏమీ చెరపదు. రెండోది మళ్లీ తెచ్చుకోగలిగినవి చెరుపుతుంది. మూడోది తిరిగి రానివి కూడా చెరిపేస్తుంది.

హైదరాబాద్‌లో ఫుల్ సిగ్నల్ కింద కూర్చున్నవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. మూడోది నొక్కినా మళ్లీ లాగిన్ అయితే చాలావరకు సర్వర్ నుంచి అన్నీ తిరిగి వచ్చేస్తాయి. మా ఖమ్మం దాటి, గోదావరి అవతల భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే కథ వేరు. అక్కడ సిగ్నల్ అందని ఊళ్లలో పనిచేసేవాళ్ల ఫోన్లో ఉన్న సమాచారం ఇంకా ఏ సర్వర్‌కీ చేరి ఉండదు. ఫోన్లో ఉన్నదే ఒకే ఒక్క కాపీ.

ఇదేదో అరుదైన సంగతి కాదు. ఉపాధి హామీలో వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా మిగతా పనులకు 2023 జనవరి 1 నుంచి NMMS యాప్‌లోనే హాజరు వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలన్నది ఆ నిబంధన. నెట్ లేని చోట తీసినవి ఫోన్లో ఉంచి, సిగ్నల్ దొరికాక పంపే వీలు అందులో పెట్టారు. ఇలాంటి యాప్ ఏదైనా సరే, తీయడానికీ పంపడానికీ మధ్య ఉన్న ఆ కొన్ని గంటలో రోజులో ప్రమాదం ఉన్న సమయం.

లోపల ఏముంటుంది?

ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ ఒక సొంత గది ఇస్తుంది. పక్క యాప్ అందులోకి తొంగి చూడలేదు. ఆ గది సుమారు ఇలా ఉంటుంది:

```
/data/data/com.example.app/
    cache/
    files/
    databases/
    shared_prefs/
```

ఊళ్లో కిరాణా కొట్టు అనుకోండి. cache అంటే గల్లా పక్కన పడేసిన చిత్తు కాగితాలు. పోతే మళ్లీ రాసుకోవచ్చు. databases, files అంటే ఖాతా పుస్తకం. ఎవరు ఎంత బాకీ ఉన్నారో అందులోనే ఉంటుంది. shared_prefs అంటే కొట్టువాడి అలవాట్లు: ఏ భాష, ఏ సెట్టింగు, చాలా యాప్‌లలో మీరు లాగిన్ అయి ఉన్నారన్న గుర్తు కూడా ఇక్కడే ఉంటుంది.

ఫోర్స్ స్టాప్ అంటే షట్టర్ దించడం. కాగితాలూ పుస్తకాలూ ఎక్కడివక్కడే ఉంటాయి. క్లియర్ కాష్ అంటే చిత్తు కాగితాలు ఊడ్చేయడం. క్లియర్ డేటా అంటే ఖాతా పుస్తకంతో సహా కొట్టు మొత్తం ఖాళీ చేసి, కొత్తగా తెరిచిన రోజుకు తీసుకుపోవడం. కెమెరా, లొకేషన్ లాంటివాటికి మీరిచ్చిన అనుమతులు కూడా పోతాయి. యాప్ మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది.

ఫోర్స్ స్టాప్‌లో ఒక మెలిక

రీసెంట్స్‌లోంచి యాప్‌ని పైకి తోసేయడం, ఫోర్స్ స్టాప్ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. పైకి తోసినా ఆ యాప్ వెనకాల పనులు చేసుకునే వీలుంటుంది. ఫోర్స్ స్టాప్ చేస్తే దాని ప్రాసెస్‌లన్నీ ఆగిపోతాయి, అది పెట్టుకున్న అలారాలు, తర్వాత చేద్దామని రాసిపెట్టుకున్న పనులు కూడా రద్దవుతాయి. మీరు చేత్తో మళ్లీ తెరిచేదాకా ఆ యాప్ నిద్ర లేవదు. నోటిఫికేషన్ కూడా రాదు.

అడవి అంచున ఇది చాలా ముఖ్యం. "సిగ్నల్ తగలగానే పంపు" అని యాప్ రాసిపెట్టుకున్న పని కూడా ఇందులోనే పోతుంది. ఫోర్స్ స్టాప్ కొట్టి ఫోన్ జేబులో పెట్టుకుని భద్రాచలం వచ్చి, నాలుగు గీతల సిగ్నల్‌లో రెండు గంటలు తిరిగినా ఒక్క ఫారం పోదు. అందుకే ఫోర్స్ స్టాప్ చేశాక వెంటనే యాప్‌ని ఒకసారి తెరవండి. సరిగా రాసిన యాప్ అయితే తెరవగానే ఆగిన పనుల్ని మళ్లీ వరసలో పెట్టుకుంటుంది.

43 ఫారాల లెక్క

మా బాబాయి కూతురు చర్ల వైపు ఊళ్లలో ఇంటింటి సర్వే పని చేస్తుంది. ఇంటికో ఫారం, ఫారానికో ఫొటో. యాప్ పేరు ఇక్కడ అనవసరం. నాలుగు రోజులు తిరిగి భద్రాచలం వచ్చి అప్‌లోడ్ పెడితే చక్రం తిరుగుతుంది, యాప్ మూసుకుపోతుంది. పెండింగ్ 43. ఎవరో క్లియర్ డేటా కొట్టమన్నారట. "అన్నా, కొట్టెయ్యనా?" అని ఫోన్ చేసింది.

"ఆగమ్మా. ముందు ఆ పెండింగ్ లిస్టు మొత్తం స్క్రీన్‌షాట్లు తీయి" అన్నాను. స్క్రీన్‌షాట్లు గ్యాలరీలోకి వెళ్తాయి. అది యాప్ గదికి బయట, అందరూ వాడుకునే చోటు. యాప్‌కి ఏమైనా అవి ఉంటాయి.

తర్వాత ఫోర్స్ స్టాప్ చేసి, మళ్లీ తెరిపించాను. అప్‌లోడ్ మొదలైంది. 17 ఫారాలు పోయి, పద్దెనిమిదో దాని దగ్గర మళ్లీ మూసుకుపోయింది. ఇంకోసారి ఫోర్స్ స్టాప్. మళ్లీ అదే ఫారం దగ్గర, అలాగే.

ఆ రెండోసారి పడిపోవడమే మాకు అసలు ఆధారం. ఫోర్స్ స్టాప్‌తో మెమరీలో ఉన్నదంతా పోయి యాప్ కొత్తగా మొదలవుతుంది. తేడా మెమరీలోనే ఉంటే మళ్లీ రాకూడదు, వచ్చినా వేరే చోట రావాలి. సరిగ్గా ఒకే చోట పడుతుందంటే, చెడిపోయినది స్టోరేజిలో రాసి ఉందన్నమాట. ప్రతిసారీ దాన్నే చదివి, ప్రతిసారీ అక్కడే పడుతుంది. ఎన్నిసార్లు ఫోర్స్ స్టాప్ కొట్టినా అది మారదు.

ఇక మిగిలింది 26. తర్వాతి మెట్టు క్లియర్ కాష్. ఇక్కడ కూడా కళ్లు మూసుకుని నొక్కొద్దు. కాష్‌లో పోతే ఫర్వాలేని వాటినే పెట్టాలన్నది నియమం. స్టోరేజి తగ్గితే ఆండ్రాయిడే అడక్కుండా దాన్ని ఊడ్చేస్తుంది కూడా. కానీ కొన్ని యాప్‌లు కెమెరాతో తీసిన ఫొటోని పంపేదాకా కాష్‌లోనే ఉంచేస్తాయి. అలాంటి యాప్‌లో కాష్ చెరిపితే ఫారం మిగులుతుంది, ఫొటో పోతుంది. అందుకే ముందు పంపగలిగినన్ని పంపాలి, మిగిలిన ఇళ్ల పేర్లు కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాతే కాష్.

రాసుకుంది. కాష్ తీసింది. యాప్ తెరిస్తే పద్దెనిమిదో ఫారంలో ఫొటో ఖాళీగా కనిపించింది. మిగతా 25 ఫొటోలూ ఉన్నాయి. అడిగితే గుర్తొచ్చింది, ఆ ఇంటి దగ్గర ఫొటో తీస్తుండగానే ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయిందట. సగం రాసిన ఫైలు కాష్‌లో ఉండిపోయి ఉంటుంది. యాప్ దాన్ని చదవలేక పడిపోతూ వచ్చింది. 25 ఫారాలు అప్పటికప్పుడే పోయాయి. ఒక్క ఇంటికి మళ్లీ వెళ్లి ఫొటో తీసుకుంది. మొదటే క్లియర్ డేటా కొట్టి ఉంటే 43 ఇళ్లకూ మళ్లీ వెళ్లాల్సి వచ్చేది.

మరి క్లియర్ డేటా ఎప్పుడు?

కాష్ తీశాక కూడా అదే చోట పడుతుంటే అప్పుడు ఆలోచించండి. దానికి ముందు ఒక పరీక్ష ఉంది. అదే యాప్ మీ తోటివాళ్ల ఫోన్లో ఎలా ఉందో అడగండి. అందరికీ అదే సమస్య అయితే తప్పు సర్వర్‌దో, కొత్త అప్‌డేట్‌దో. మీ ఫోన్లో ఏం చెరిపినా లాభం లేదు, ఆగడమే పని. ఒక్క మీ ఫోన్లోనే అయితే ఫోన్ తేదీ, టైమ్ సరిగా ఉన్నాయా, స్టోరేజి నిండిపోయిందా, యాప్‌కి అప్‌డేట్ ఉందా చూడండి. ఇవన్నీ అయ్యాక, పెండింగ్ సున్నా అని చూసుకుని, పాస్‌వర్డ్ గుర్తుందని తేల్చుకుని, మంచి సిగ్నల్ ఉన్న చోట నిలబడి క్లియర్ డేటా నొక్కండి. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోవడం కూడా దాదాపు అంతే. అది సురక్షితమైన దారి అనుకోవద్దు.

మామూలు యాప్‌లకూ ఇదే లెక్క. వాట్సాప్‌లో క్లియర్ డేటా కొడితే లాగౌట్ అయిపోతారు, బ్యాకప్ లేని చాట్లు పోయినట్టే. యూపీఐ యాప్‌లో కొడితే డబ్బు బ్యాంకులోనే భద్రంగా ఉంటుంది గానీ, మీ నంబర్ మళ్లీ నిర్ధారించుకోవడానికి ఆ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. సిగ్నల్ లేని ఊళ్లో అది కుదరదు. గూగుల్ మ్యాప్స్‌లో కొడితే అడవి దారి కోసం దింపుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా పోతుంది.

చివరగా బటన్ల సంగతి. యాప్ ఐకాన్ మీద వేలు నొక్కిపట్టి App info లోకి వెళ్తే Force stop అక్కడే కనిపిస్తుంది. మిగతా రెండూ చాలా ఫోన్లలో Storage అన్న చోట ఉంటాయి. కొన్నిట్లో Clear data అని, కొన్నిట్లో Clear storage అని ఉంటుంది. రెండూ ఒకటే. షావోమీ ఫోన్లలో జాగ్రత్త: కింద కనిపించే Clear data నొక్కితేనే లోపల Clear cache, Clear all data అని విడివిడిగా వస్తాయి. అక్కడ వేలు తొందరపడొద్దు. నిర్ధారించమని ఫోన్ ఇంకోసారి అడిగిందంటే, మీరు కాష్ దగ్గర కాదు, ఖాతా పుస్తకం దగ్గర ఉండి ఉండొచ్చు. చదివి నొక్కండి.