మెహర్‌ని కన్యాశుల్కం అనకండి

మా చెల్లెలి కూతురి నికా మొన్న షాబాన్‌లో జరిగింది. దూల్హా గల్ఫ్‌లో నౌకరీ చేస్తాడు. అక్కడి కాగితాల కోసం నికానామా తర్జుమా కావాలన్నారు. ముందు తెలుగులోకి, ఆ తెలుగు చూసి ఇంగ్లిషులోకి చేయించారు. తెలుగు కాపీ ఇంటికి వచ్చినరోజు పిల్ల దాన్ని చదివి నా దగ్గరికి తెచ్చింది. ‘వరుడు చెల్లించిన కన్యాశుల్కం’ అన్న చోట వేలుపెట్టి, “మామూ, నన్ను ఎంతకు అమ్మారు?” అని అడిగింది.

నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్జుమా చేసినాయన పనిలో నిజాయితీ ఉంది. పెళ్లిలో మగవైపు నుంచి వచ్చే డబ్బుకు తెలుగులో తనకు దొరికిన మాట అదే, కాబట్టి రాశాడు. మరి గలత్ ఎక్కడ జరిగింది? దీనికి నాకు దొరికిన అచ్ఛా జవాబు ఒక అమెరికన్ భాషావేత్త దగ్గర ఉంది. ఆయన పేరు చార్ల్స్ ఫిల్మోర్, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. 1982లో ‘ఫ్రేమ్ సెమాంటిక్స్’ అని ఒక వ్యాసం రాశాడు. మాటకు అర్థం ఒంటరిగా ఉండదని, దాని వెనక ఒక మొత్తం మంజర్ ఉంటుందని, ఆ మంజర్ తెలియకపోతే మాట తెలియదని ఆయన వాదన. ఆ మంజర్‌కే ఫ్రేమ్ అని పేరు.

ఆయన ఎక్కువగా వాడిన మిసాల్ బజారు. కొనేవాడు, అమ్మేవాడు, సరుకు, డబ్బు, ఈ నాలుగూ ఉంటేనే సౌదా. మన లాడ్ బజార్‌కే వెళ్లి చూద్దాం. ‘ఆపా దుకాణదారు దగ్గర మూడొందలకు గాజులు కొంది.’ నలుగురూ హాజిర్. ‘దుకాణదారు ఆపాకు మూడొందలకు గాజులు అమ్మాడు.’ సంఘటన అదే, కాకపోతే ఇప్పుడు మనం గల్లాపెట్టె వైపు నిలబడి చూస్తున్నాం. ‘ఆపా గాజులకు మూడొందలు ఖర్చుపెట్టింది.’ ఇక్కడ దుకాణదారు మాయమయ్యాడు. ఇందాక డబ్బుకు తగిలిన ‘కు’ ఇప్పుడు గాజులకు తగిలింది. ‘ఆ గాజులు ఆపాకు మూడొందలు పడ్డాయి’ అంటే ఇందులోనూ దుకాణదారుకు జగా లేదు. ప్రతి క్రియా ఒకే మంజర్‌లో ఒక్కో మూల మీద దీపం పెడుతుంది. కానీ పేరు ఎత్తకపోయినా దుకాణదారు అక్కడే ఉన్నాడని వినేవాడికి తెలుసు. ‘ఖర్చుపెట్టింది’ అన్న మాట వినగానే డబ్బు ఎవరికో ముట్టిందని చెప్పకుండానే అర్థమవుతుంది.

(మాటలు ఈ మంజర్ లోపలే కుర్చీలు మార్చుకుంటాయి కూడా. ఉర్దూలో ఖరీద్ అంటే కొనడం. అదే మాట తెలుగులోకి వచ్చి ‘ఖరీదు’ అయ్యేసరికి ధర అయిపోయింది. కొనేవాడి పనికి పేరుగా ఉన్నది డబ్బుకు పేరైంది. బజారు మాత్రం మారలేదు.)

ఇప్పుడు కన్యాశుల్కం. తెలుగు చదువుకున్నవాళ్లకు ఈ మాట వినగానే గురజాడ నాటకం గుర్తొస్తుంది. అందులో అగ్నిహోత్రావధానులు డబ్బు తీసుకుని చిన్నపిల్లను ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోతాడు. అక్కడ నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి. డబ్బిచ్చేవాడు వరుడు, పుచ్చుకునేవాడు తండ్రి, సరుకు ఆడపిల్ల. ఆ మాట రాసిన క్షణమే ఈ బొమ్మ మొత్తం మన నికానామాలోకి వచ్చి కూర్చుంటుంది. ఎవరూ పిలవక్కర్లేదు.

మెహర్‌ని అదే కుర్చీల్లో కూర్చోబెట్టి చూడండి. డబ్బు ఉంది, ఇచ్చేవాడు ఉన్నాడు. పుచ్చుకునేది ఎవరు? సూరె నిసా నాలుగో ఆయత్‌లో మెహర్ ఇవ్వమన్నది ఔరత్‌కే, ఆమె వాలిద్‌కు కాదు. అంటే అమ్మేవాడి కుర్చీ ఖాళీ. పోనీ పిల్లే అమ్మేది అనుకుంటే సరుకూ తనే కావాలి. ఒక్క మనిషి రెండు కుర్చీల్లోనూ కూర్చోవాల్సివస్తే మంజర్ తప్పని అనుమానించాలి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది మన ఫిఖ్‌హ్‌లోనే దొరుకుతుంది. ధర ఖరారు కాకుండా బేరం ముగిస్తే హనఫీ ఉలమా ఆ అమ్మకాన్ని సహీ అనరు. నికాలో మెహర్ ప్రస్తావన రాకపోయినా నికా సహీ. అప్పుడు ఆమెకు మెహర్-ఎ-మిస్ల్, అంటే ఆమె తండ్రివైపు ఆడవాళ్లకు రివాజుగా వచ్చేంత, దక్కాలి. ధర లేకుండా నిలబడేదాన్ని అమ్మకం అని ఎలా అంటాం?

నా వాదనకు ఎదురు నిలిచే మాటలూ ఉన్నాయి, దాచను. ఈజాబ్, ఖుబూల్ అన్న రెండు మాటలూ నికాలోనూ వాడతాం, కొనుగోలులోనూ వాడతాం. మన ఖాజీ సాబ్‌లు చాలామంది నికా చదివించేటప్పుడు ఇంత మెహర్ ‘కే ఇవజ్’ అంటారు. ఇవజ్ అంటే బదులు. పాత ఫుఖహా కూడా కొన్ని మసాయిల్ తేల్చడానికి అమ్మకంతో పోల్చి చూశారు. కాబట్టి బజారు వాసన తెలుగు తర్జుమాతోనే మొదలైందని అనలేను. అయితే పోలిక ఒక ఎత్తు, పేరు ఒక ఎత్తు. పోలిక పని అయ్యాక పక్కకు తప్పుకుంటుంది. పేరు కాగితం మీద ఉండిపోతుంది, తర్వాత చదివేవాళ్లకు ఆ ఒక్క బొమ్మే మిగులుతుంది.

ఫిల్మోర్ చెప్పిన ఒక తేడా ఇక్కడ పనికొస్తుంది. ఒకణ్ణి కంజూస్ అన్నామనుకోండి. ‘కాదు, ఉదారుడు’ అంటే అదే ఫ్రేమ్‌లో ఉండి కాదంటున్నాం. ‘కంజూస్ కాదు, పొదుపరి’ అంటే ఆ ఫ్రేమే వద్దంటున్నాం. మనవాళ్లు మెహర్ గురించి మాట్లాడేటప్పుడు మొదటి రకం జవాబే ఇస్తారు: “మేమేం తక్కువ పెట్టలేదండీ, లక్ష పెట్టాం.” అది ఎక్కువ ధర అని చెప్పడమే అవుతుంది. అది అసలు ధరే కాదని చెప్పాలి.

మరి ఏమిటది? మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది చూస్తే, తర్వాత ఇస్తామని రాసుకునే మెహర్ సాఫ్‌గా ఖర్జ్. ఖర్జ్‌కు వేరే మంజర్ ఉంది: ఇవ్వాల్సినవాడు, రావాల్సినామె, మొత్తం, గడువు. షౌహర్ చనిపోతే తర్కా పంచకముందే మిగతా బాకీలతోపాటు అదీ తీర్చాలి. జనాజా దగ్గర పెద్దవాళ్లు బేవాను “మెహర్ మాఫ్ చెయ్ బేటీ” అంటారే, ఆ మాటలోనే సాక్ష్యం ఉంది. మాఫ్ చేయగలిగేది అప్పు రావాల్సినవాళ్లే. కానీ తన కాగితంలో ‘శుల్కం’ అని చదివిన ఔరత్‌కు తను ఆ కుర్చీలో ఉన్నానని ఎలా తెలుస్తుంది? సరుకు డబ్బు అడగదు కదా. ఆమె ఊరికే తల ఊపేస్తుంది.

పైగా చూడండి, అసలు బేరం జరిగే చోట మనం బజారు మాటే వాడం. దూల్హావాళ్లు అడిగి, తగ్గించి, మళ్లీ పెంచి తీసుకునే డబ్బుకు ‘జోడే కీ రఖం’ అని పేరు, అంటే బట్టల జత కోసమని. “ఖుషీసే దియే” అంటాం. ఆడపిల్ల హక్కును శుల్కం అని, మగపిల్లాడి రేటును తోఫా అని రాసుకునే ఖౌమ్ మనది. ఈ విషయంలో నా ఇల్లూ మినహాయింపు కాదు.

కాగితం మార్పించాం. ‘మెహర్’ అన్న మాట అలాగే ఉంచి, పక్కన ‘వరుడు వధువుకు స్వయంగా ఇవ్వవలసిన సొమ్ము’ అని రాయించాం. ‘వధువుకు’ అన్న ఆ ఒక్క మాట కోసం తర్జుమా ఆయనతో అరగంట బహస్ అయింది. పిల్ల కొత్త కాపీ చదివి తలెత్తింది.

“అచ్ఛా మామూ, మరి ఎప్పుడిస్తారంట?”

ఆ సవాల్‌ను దూల్హాకు ఫోన్లో వినిపించాం. సెలవు మీద వచ్చినప్పుడు మాట్లాడతానన్నాడు.