కటింగ్‌లోనూ ఊరిబిండికి చోటుండాలి

తిరుపతి, చిత్తూరు జిమ్ములకు వెళ్లే కుర్రాళ్లు కటింగ్ మొదలుపెట్టగానే సంగటి పక్కన శెనక్కాయల ఊరిబిండి మానేసి, పచ్చసొన పారేసి, నూనె తగలని చికెన్‌తో నెట్టుకొస్తే, రోజంతటికీ కొవ్వు పదిహేను గ్రాములు దాటడం కష్టం. ఒళ్లు తగ్గించేది మొత్తం కేలరీల లోటే అయినప్పుడు ఈ శిక్ష ఎందుకు? ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2008లో పెద్దలకు మొత్తం కేలరీల్లో కనీసం 15 శాతం, పిల్లల్ని కనే వయసు స్త్రీలకు 20 శాతం కొవ్వు నుంచి రావాలన్నారు. తినేదే తగ్గే కటింగ్‌లో అందరూ 20 శాతం పట్టుకోవడమే మేలు. 1800 కేలరీలు తినే 70 కిలోల యువకుడికి అది 40 గ్రాములు: రెండు టీస్పూన్ల శెనగనూనె, గుప్పెడు శెనక్కాయలు, రెండు గుడ్లు, గ్లాసు పాలతో సరిపోతుంది. ఇది కూడా అడుగు గీతే. కొవ్వును 40 శాతం నుంచి 20 శాతానికి దించితే మగవాళ్లలో టెస్టోస్టెరాన్ కొంత తగ్గిందని 2021 నాటి విశ్లేషణ ఒకటి చూపింది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టాలన్నా కొవ్వు తోడుండాలి. నూనె చుక్క లేకుండా ఉడికించిన మునగాకులో కెరోటిన్ చాలావరకు వృథా. కోరిక సన్నగిల్లినా, ఆడపిల్లలకు నెలసరి ఆగినా తప్పు కొవ్వుదే అనలేం, తిండి మరీ తగ్గినా అలాగే అవుతుంది. అప్పుడు కేలరీలూ పెంచి, డాక్టరుకు చూపించుకోవాలి.