48 నెలల లెక్క ఎందుకు చెప్పరు?

కాప్రాలో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించాలనుకునే దుబాయి ఉద్యోగికి తరచూ వినిపించే సలహా ఒకటుంది: 'ఇక్కడి బ్యాంకు వడ్డీ ఎక్కువ, అక్కడే తీసుకో.' ఇది తప్పుడు సలహా. యూఏఈ కేంద్ర బ్యాంకు 2011లో పెట్టిన నిబంధన ప్రకారం జీతం మీద ఇచ్చే వ్యక్తిగత రుణం 48 నెలల్లో తీరిపోవాలి. జీతానికి 20 రెట్లు మించి ఇవ్వరు. సలహాదారులు ఈ 48 దగ్గర నోరు మెదపరు.

లెక్క చూద్దాం. కావలసింది 40 లక్షలు, దిర్హామ్ 23 రూపాయలు, అక్కడి వడ్డీ ఆరు శాతం, ఇక్కడ ఎనిమిదిన్నర అనుకుందాం. 48 నెలలకు కిస్తీ సుమారు 4,085 దిర్హాములు, అంటే 94 వేల రూపాయలు. జీతం 8,700 దిర్హాములైతే దాదాపు సగం అక్కడే పోతుంది. ఇక్కడ 20 ఏళ్లకు తీసుకుంటే కిస్తీ 34,700.

'ఇరవై ఏళ్లలో 43 లక్షల వడ్డీ కట్టాలి' అని భయపెడతారు. 20 ఏళ్లు సాగదీయమని ఎవరన్నారు? అదే 94 వేలు నెలనెలా ఇక్కడి అప్పుకు కడితే 51 నెలల్లో తీరిపోతుంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. తేడా మూడు నెలలు, సుమారు 2.7 లక్షల అదనపు వడ్డీ. ఆ సొమ్ముతో దొరికేది, కష్టమొచ్చిన నెలలో 34,700తో సరిపెట్టుకునే వీలు.

ఆ వీలు ఎంత ముఖ్యమో ఉద్యోగం పోయిన నెలలో తెలుస్తుంది. 20 కిస్తీలు కట్టాక ఉద్యోగం పోతే దిర్హామ్ అప్పు ఇంకా లక్షా ఆరు వేలు, అంటే 24 లక్షలకు పైనే మిగులుతుంది. చేతికి రావలసిన గ్రాట్యుటీ మీద బ్యాంకు ముందు చెయ్యేస్తుంది. బాకీ తీరేదాకా దేశం దాటకుండా కోర్టు ఆపగలదు. ఎలాగో ఇంటికొచ్చి ఈసీఐఎల్ దగ్గర ఉద్యోగం వెతుక్కున్నా, రూపాయల్లో సంపాదించి దిర్హాముల్లో తీర్చాలి. దిర్హామ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. 2014లో 60 దరిదాపుల్లో ఉన్న డాలరు 2024 చివరికి 85 దాటింది. రూపాయి పడ్డప్పుడల్లా ఆ బాకీ పెరుగుతుంది. ఇక్కడి అప్పయితే, అక్కడ జీతం వస్తున్నన్నాళ్లూ అదే పతనం మనకు కలిసొస్తుంది.

రిజిస్ట్రేషన్ ఖర్చుకు రెండు మూడు లక్షలు తగ్గితే అక్కడ తీసుకోండి, తప్పులేదు. ఇంటికి మొత్తం తీసుకోవద్దు.

మన బ్యాంకుల పాపం కూడా ఇందులో ఉంది. కొడుకు దుబాయిలో ఉండగా తండ్రి ఇక్కడ రుణం పని చూడాలంటే, జీపీఏను కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. ఈ వరస మొదటి రోజే చెప్పకుండా ఒక్కో కాగితం కోసం ముసలి తండ్రిని తిప్పితే, కొడుకు విసిగిపోయి దుబాయిలో సంతకం పెట్టక ఏం చేస్తాడు? సలహాదారులు 48 నెలల మాట దాస్తున్నారు, బ్యాంకులు 51 నెలల మాట చెప్పడం లేదు. రుణం అడగడానికి వచ్చిన ప్రతి ప్రవాసి ముందూ ఈ రెండు లెక్కలూ రాతపూర్వకంగా పెట్టేలా రిజర్వు బ్యాంకు ఆదేశించాలి.