“సూపర్ అన్నా” అంటే సరిపోదు

ఎవరైనా రెజ్యూమే చూపించి “ఎలా ఉందో చెప్పండి” అని అందరినీ అడిగితే, మనలో చాలామంది “సూపర్ అన్నా, ఆల్ ది బెస్ట్” అంటాం. కొందరేమో “ఇదేం రెజ్యూమే” అని నవ్వుతారు. ఈ రెండింటివల్లా అడిగినవాళ్ల కాగితంలో ఒక్క లైను కూడా మారదు. నా ఉద్దేశంలో, సలహా ఇచ్చేవాళ్లు మార్కులు వేయకూడదు. ఫలానా లైను చూపించి ప్రశ్న అడగాలి.

ఒక ఉదాహరణ చెప్తా. బీకాం చదివిన ఒక అన్న అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోసం రెండు పేజీలు రాశాడనుకోండి. పైన ఐదు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్. కింద “హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్, ఎంఎస్ ఆఫీస్”. చివర తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా. వీటి మధ్యలో ఎక్కడో “ఊరి మహిళా సంఘానికి సాయం చేశాను” అని ఒక ముక్క. ఆ ఉద్యోగానికి పనికొచ్చేది ఆ ముక్కే, కానీ అది కనిపించడం లేదు.

అప్పుడు ఇలా అడగాలి: “అన్నా, ఆ సంఘంలో ఎంతమంది? నువ్వు ఏం రాసేవాడివి? ఎన్నాళ్లు?” జవాబు వస్తే ఆ లైను ఇలా మారుతుంది: “12 మంది సభ్యుల పొదుపు, అప్పు వాయిదాల రిజిస్టరు రెండేళ్లు రాశాను. ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూశాను.” దీన్ని పైకి తెచ్చి, ఆబ్జెక్టివ్, మతం, పెళ్లి వివరాలు తీసేస్తే ఒక్క పేజీ చాలు. “ఎంఎస్ ఆఫీస్” బదులు నిజంగా వచ్చింది రాయాలి: ఎక్సెల్‌లో SUM, VLOOKUP వాడతాను అని.

ఇందులో హద్దు ఒకటుంది. రిజిస్టరు రాసిన పనిని “అకౌంటెంట్‌గా రెండేళ్ల అనుభవం” అని పెంచమని మనం చెప్పకూడదు. “లెక్క కలవకపోతే ఏం చేసేవాడివి?” అని ఇంటర్వ్యూలో అడుగుతారు. చేసిన పనే రాసుంటే అన్న తడబడకుండా చెప్తాడు. అలాగే ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉంటే డిగ్రీ “పూర్తయింది” అని రాయొద్దని ముందే చెప్పాలి. సర్టిఫికెట్లు చూసే రోజు అది బయటపడితే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు. ఇలాంటి మాట మాత్రం అందరి ముందు కాకుండా విడిగా చెప్తే మంచిది.

ఒకేసారి పది తప్పులు చూపిస్తే మనిషి కాగితం మడిచి లోపల పెట్టేసుకుంటాడు. బాగున్న లైను ఏదో, ఎందుకు బాగుందో ముందు చెప్పండి. తర్వాత మార్చాల్సినవి రెండో మూడో చెప్పండి. ఇంగ్లీషు స్పెల్లింగులు ఆఖర్న దిద్దొచ్చు, మనం నవ్వేది ఎక్కువగా వాటికే కానీ తేలిగ్గా పోయేవీ అవే. అన్న మార్చి మళ్లీ చూపిస్తే రెండోసారీ చదవండి.