ఫోన్ బాగు చేయమని కాదు, డేటా కావాలని చెప్పండి

ఆన్ కాని ఫోన్ పట్టుకుని సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో మొబైల్ షాపుకి వెళ్తే ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే: "బోర్డు పోయింది, మార్చాలి." ఫోన్ కావాలంటే అది తప్పు సలహా కాదు. ఫొటోలు కావాలంటే మాత్రం అంతకన్నా చెడ్డ సలహా లేదు. ఎందుకంటే మీ ఫొటోలు ఉన్నది ఆ బోర్డు మీదే. అది తీసేసి కొత్తది వేస్తే మీకు మీ ఫోన్ బాడీలో ఇంకెవరిదో ఖాళీ ఫోన్ వస్తుంది.

"స్టోరేజ్ చిప్ ఊడదీసి వేరే మెషిన్‌లో పెట్టి డేటా తీస్తాం" అనేవాళ్లు కూడా ఉన్నారు. పాత ఫోన్లలో అది నడిచేది. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాతి వెర్షన్లతో మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. దాన్ని విప్పే తాళంలో ఒక భాగం ఆ ఫోన్ ప్రాసెసర్ లోపల ఉంటుంది, అది బయటికి రాదు. ఇంకో భాగం మీ స్క్రీన్ లాక్ పిన్ నుంచి వస్తుంది. చిప్ ఒక్కటే ఊడదీస్తే దొరికేది అర్థం లేని అంకెల కుప్ప. ఐఫోన్‌లోనూ ఇదే కథ. అంటే ఇవాళ డేటా రికవరీకి అర్థం ఒక్కటే: అదే బోర్డుని, అదే ప్రాసెసర్‌తో, అరగంటయినా సరే ఆన్ చేయించి, పిన్ కొట్టి కాపీ చేసుకోవడం. చచ్చిన ఫోన్‌ని లాప్‌టాప్‌కి పెట్టి ఫొటోలు తెస్తామనే సాఫ్ట్‌వేర్లకి డబ్బులు కట్టకండి.

మా బాబాయ్ ఫోన్ సంగతి చెప్తా. 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడని ముంచిన వానల్లో ఆయన ఫోన్ తడిసింది. రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టి, పొద్దున ఛార్జింగ్ పెట్టారు. అంతే, పోయింది. (మిర్యాలగూడ మిల్లుల్లో ఉన్న బియ్యమంతా తెచ్చి పోసినా బోర్డు మీద షీల్డ్ రేకు కింద చేరిన నీళ్లని లాగలేదు. ఆ తడి మీద కరెంట్ పారించడమే అసలు దెబ్బ.) షాపులో ఏడు వేలకి బోర్డు మారుస్తామన్నారు. ఆయన బాధ ఫోన్ గురించి కాదు. "పోతే పోనియ్‌రా, నాయిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నయి" అన్నాడు. మా తాతయ్య చివరి ఏడాది ఫొటోలవి.

ముందు ఆ ఫోన్ ముట్టుకోకుండా దొరికేవి చూశాం. సిమ్ తీసి ఇంట్లో ఉన్న వేరే ఫోన్‌లో వేశాం, ఎందుకంటే గూగుల్ లాగిన్‌కి ఓటీపీ ఆ నంబర్‌కే వస్తుంది. contacts.google.com తెరిస్తే నంబర్లు చాలావరకు కనిపించాయి. లేనివి "ఫోన్"లో సేవ్ చేసినవి. నంబర్ సేవ్ చేసేటప్పుడు పైన జీమెయిల్ అకౌంట్ ఉందా, ఫోన్ అని ఉందా అని మనం చూడం కదా, తేడా అక్కడే వస్తుంది. తర్వాత photos.google.com. అందులో ఫొటోలు 2023 మధ్య దాకా వచ్చి ఆగిపోయాయి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఎక్కించేవన్నీ జీమెయిల్‌తో కలిపి 15 జీబీలోనే లెక్క. అది నిండగానే బ్యాకప్ ఆగుతుంది. ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది, మన పెద్దవాళ్లు పక్కకి తోస్తూనే ఉంటారు. కాబట్టి మాకు కావాల్సినవి సరిగ్గా ఆ తర్వాతి నెలలవి, అవి బోర్డు మీదే ఉన్నాయి.

షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సింది ఇంకోటుంది: ఫోన్ చచ్చిందా, డిస్‌ప్లే ఒక్కటే చచ్చిందా? కింద పడి ఆగిన ఫోన్ అయితే దానికి కాల్ చేయండి. రింగ్ వినిపిస్తే బోర్డు బతికే ఉంది, తాత్కాలికంగా ఒక డిస్‌ప్లే తగిలిస్తే చాలు. బొమ్మ వచ్చి టచ్ ఒక్కటే పనిచేయకపోతే ఓటీజీ కేబుల్‌తో మౌస్ పెట్టి పిన్ కొట్టొచ్చు. తడిసిన ఫోన్‌కి మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, ఛార్జర్ అసలే వద్దు. బ్యాటరీ కనెక్టర్ ఎంత తొందరగా ఊడదీయిస్తే అంత మంచిది. రోజులు గడిచేకొద్దీ లోపల తుప్పు పెరుగుతుంది.

బాబాయ్ ఫోన్‌ని చివరికి చిప్ లెవల్ పని చేసే ఒక కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాం. బ్యాటరీ తీసేసి, ఆ కనెక్టర్‌కి పవర్ సప్లై నుంచి 4 వోల్టులు ఇచ్చాడు. పవర్ బటన్ నొక్కకముందే మీటర్ దాదాపు 2 ఆంపియర్లు చూపించింది. ఆఫ్‌లో ఉన్న మంచి బోర్డు అయితే అక్కడ ఇంచుమించు సున్నా ఉండాలి. అంటే మెయిన్ పవర్ లైన్ ఎక్కడో షార్ట్ అయింది. నిజానికి ఇది మంచి వార్త, షార్ట్ అంటే చాలాసార్లు ఒక్క చిన్న పార్ట్ తప్పు. బోర్డు మీద రోజిన్ పొగ పట్టించాడు, తెల్లటి పొరలా పరుచుకుంది. మళ్లీ కరెంట్ ఇవ్వగానే ఒక్కచోట ఆ పొర కరిగింది. అక్కడ నువ్వుగింజంత కూడా లేని కెపాసిటర్ ఉంది. దాన్ని పీకేశాడు. ఆ లైన్ మీద అలాంటివి ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఒకటి లేకపోయినా ఫోన్ నడుస్తుంది. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, బటన్ నొక్కితే మీటర్ ముల్లు ఎక్కుతూ దిగుతూ ఊగింది. ఫోన్ బూట్ అవుతోందని దానర్థం. ముల్లు ఒకే అంకె దగ్గర బిగుసుకుని ఉంటేనో, లాప్‌టాప్‌కి పెట్టినప్పుడు Qualcomm HS-USB QDLoader 9008 అని మాత్రమే వస్తేనో కథ వేరు. ప్రాసెసర్‌లో ప్రాణం ఉంది కానీ స్టోరేజ్ నుంచి చదవలేకపోతోందని అప్పుడు అనుమానించాలి. ఆ పని కష్టం, ఖర్చు ఎక్కువ, ఆశ తక్కువ. ఆ స్థితిలో "ఫ్లాష్ చేసి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. అలా చేస్తే చాలావరకు డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఫోన్ ఆన్ అయ్యాక తొందర ఉండాలి, కంగారు ఉండకూడదు. అలాంటి బోర్డు మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. బాబాయ్ పిన్ కొట్టాడు, యూఎస్‌బీ మోడ్‌ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి మార్చాం. ముందు DCIM/Camera, అందులోనూ బ్యాకప్ ఆగిన నెల తర్వాతివి. ఆ తర్వాత Android/media/com.whatsapp, ఎందుకంటే తాతయ్య ఫొటోలు సగం చుట్టాలు పంపినవే. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే నంబర్లన్నీ ఒక్క .vcf ఫైల్‌లో వచ్చేశాయి. 40 నిమిషాలు పట్టింది, 2,500 తీసుకున్నాడు. ఫోన్ ఇంకో వారానికి మళ్లీ ఆగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

నా అభిప్రాయంలో తప్పంతా షాపులదే అనలేం. మనం కౌంటర్ మీద ఫోన్ పెట్టి "ఆన్ అయితలేదన్నా" అంటాం, వాళ్లు ఆన్ అయ్యే దారి చూస్తారు. ఎక్కువ రిపేర్లు డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టువే అయినప్పుడు మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చోమని ప్రతి షాపునీ అడగలేం. కానీ రసీదు మీద ఒక్క లైన్ రాయించుకోవచ్చు: "డేటా మాత్రమే కావాలి. బోర్డు మార్చొద్దు, ఫ్లాష్ చేయొద్దు. డేటా రాకపోతే చెకింగ్ ఛార్జీ ఇంత." ఆ లైన్ రాయడానికి ఒప్పుకోని షాపులో ఫోన్ వదలకండి. మీ ఊళ్లో ఆ పని చేసేవాళ్లు లేకపోతే హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ ఉంది, అక్కడా ఇదే రాయించుకోండి. బోర్డు ఇప్పటికే మార్చేసి ఉంటే, పాత బోర్డు వెనక్కి అడగండి. స్క్రాప్‌లోకి పోకముందు దొరికితే ఆశ ఉంది. పిన్ మాత్రం కాగితం మీద రాసివ్వకండి, ఫోన్ లేచినప్పుడు మీరే వెళ్లి కొట్టండి.